అండర్ కవర్ తీసేస్తే మైలేజీ ఇంత పడిపోతుందా?

"సర్వీసులో ఇంజిన్ కింది ప్లాస్టిక్ కవర్ బిగించలేదు. హైవేలో 19 వచ్చే మైలేజీ 16కి పడింది. కారణం అదేనా? సైడు అద్దాలు చిన్నవి పెట్టిస్తే లాభమా?"

కవర్ ప్రభావం ఉంటుంది కానీ అంత కాదండీ. లెక్క చూడండి. గాలి నిరోధం = ½ × 1.2 × Cd × A × v². ఇందులో 1.2 గాలి సాంద్రత, Cd అంటే కారు ఆకారం గాలిని ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె, A ముందు వైశాల్యం, v సెకనుకు మీటర్లలో వేగం. మామూలు హ్యాచ్‌బ్యాక్‌కి Cd 0.30, ముందు వైశాల్యం 2.2 చ.మీ. అనుకుంటే, గంటకు 100 కి.మీ. వేగంలో దాదాపు 305 న్యూటన్లు. టైర్ల నిరోధం ఇంకో 120 వేసుకోండి. కవర్ లేక Cd 0.31 అయిందనుకున్నా పెరిగేది 10 న్యూటన్లే. అంటే 19 కాస్తా 18.5 అవుతుంది, 16 కాదు. మొదట టైర్లలో గాలి చూడండి, బ్రేకు పట్టేస్తోందేమో చూడండి. కాసేపు నడిపి ఆపాక ఒక చక్రం రిమ్ మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే అదే దొంగ.

అయినా కవర్ వేయించండి. అది లేకపోతే గాలి సస్పెన్షన్ కడ్డీలకు తగిలి చెదురుతుంది, బురదా లోపలికొస్తుంది. క్లిప్పులన్నీ పడ్డాయో లేదో చూసుకోండి, ముందు అంచు వేలాడితే చేటలా గాలిని పట్టేస్తుంది.

అద్దాలున్న చోట గాలి కారుకంటే వేగంగా పోతుంది కాబట్టి వాటి వాటా సైజుకి మించే ఉంటుంది. అయినా రెండూ కలిపి కొద్ది శాతమే, వాటి జోలికి వెళ్లొద్దు. అసలు నిరోధం పుట్టేది వెనక డిక్కీ దగ్గర, గాలి బాడీని వదిలేసే చోట. అది కంపెనీ గీసిన ఆకారం, మన చేతిలో లేదు. పైన క్యారియర్ ఉంటే మాత్రం విప్పేయండి.