ఒట్టి ప్రశ్నార్థకానికి ఏమని జవాబివ్వాలి?

“మా చీరల షాపు వాట్సాప్‌కు ఒక కస్టమర్ ‘?’ అని మాత్రమే పంపారు. ఏం రాయాలి?”

ముందుగా ఆ చాట్‌ను పైకి జరిపి, ఆమె చివరిగా అడిగినదానికి మీరు జవాబిచ్చారో లేదో చూడండి. ఆ సందేశాన్ని మీరు తెరిచినందువల్ల ఆమెకు నీలం టిక్కులు కనబడి ఉంటాయి కాబట్టి, చదివి కూడా పలకలేదేమని ఆమె అడుగుతున్నారన్నమాట. మీరు జవాబు రాసినా పక్కన గడియారం గుర్తు ఉంటే అది ఇంకా వెళ్లలేదు. ఒక్కటే టిక్కు ఉంటే ఆమె ఫోన్‌కు చేరలేదు.

“ఏమిటండీ?” అని ఎదురు ప్రశ్న వేయకండి, అది పుండు మీద కారం చల్లడమే. ఉదాహరణకు, ఆమె పార్సిల్ గురించి అడిగి ఉంటే, “నమస్కారమండీ, ఆలస్యానికి క్షమించండి. మీ గద్వాల చీర నిన్న కొరియర్‌లో వేశాం, రసీదు ఫొటో పంపుతున్నాను” అని నేరుగా రాయండి. చీర ఇంకా పంపకపోతే, ఏ రోజు పంపుతారో చెప్పండి.

పైన ప్రశ్నేదీ కనబడకపోతే మాత్రం, “పార్సిల్ గురించా, కొత్త చీరల ధర గురించా?” అని అడగండి, ఒక్క మాటతో బదులివ్వడం ఆమెకు సులువు. ధర చెప్పాక వచ్చిన బొటనవేలి ఎమోజీని మాత్రం ఆర్డరుగా తీసుకోకండి, “ప్యాక్ చేయమంటారా?” అని మాటల్లో ఖాయం చేసుకోండి.