నేను వద్దనకుండానే పార్సిల్ 'Refused' అని పడింది: కొరియర్ ఆఫీసుకు లెటర్ ఎలా రాయాలి?

"హనుమకొండలో ప్రైవేట్ హాస్టల్‌లో ఉంటున్నాను. ఇంటి నుంచి పంపిన పార్సిల్ ట్రాకింగ్‌లో 'Consignee Refused' అని చూపిస్తోంది. నేను దాన్ని చూడనే లేదు, నాకు ఫోన్ కూడా రాలేదు. మళ్ళీ డెలివరీ చేయమని కొరియర్ ఆఫీసుకు లెటర్ ఎలా రాయాలి?"

లెటర్ రాయడానికి రేపటిదాకా ఆగకండి, ఈరోజే రాయండి. 'ఇంట్లో లేరు' అని పడితే మామూలుగా మర్నాడు మళ్ళీ తెస్తారు. 'Refused' అని పడితే మాత్రం తీసుకునేవాళ్ళే వద్దన్నారని లెక్క. ఇక ఆ పార్సిల్‌ను మామూలుగా మళ్ళీ తిప్పరు, పంపినవాళ్ళకు వాపసు పంపే సంచిలో వేస్తారు. ట్రాకింగ్‌లో 'RTO' అన్న మాట వచ్చిందంటే ఆ పని మొదలైనట్టు. సంచి మీ ఊరి ఆఫీసు దాటేలోపే మీ లెటర్ వాళ్ళ చేతికి అందాలి.

2023 సంక్రాంతికి నాకు సరిగ్గా ఇదే జరిగింది. పండక్కి మంచిర్యాల వెళ్ళి, వచ్చేటప్పుడు ల్యాబ్ రికార్డు, కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయాను. అమ్మ వాటితోపాటు ఒక డబ్బా సకినాలు కూడా పెట్టి 17న కొరియర్ చేసింది. 18న ఉదయం 11:52కు 'Consignee Refused' అని పడింది. అప్పుడు నేను ల్యాబ్‌లో ఉన్నాను. సాయంత్రం చూసేసరికి గుండె ఆగినంత పనైంది, 21న ఇంటర్నల్స్, రికార్డు లేకపోతే రాయనివ్వరు.

కోపంలో "మీ డెలివరీ బాయ్ ఫోన్ కూడా చేయకుండా అబద్ధం రాశాడు" అని మొదలుపెట్టాను. రాస్తుండగా బుకింగ్ రసీదు ఫొటో పంపమని అమ్మను అడిగాను. చూస్తే దాని మీద నా పాత సిమ్ నంబర్ ఉంది! అతను ఫోన్ చేశాడు, మూసేసిన నంబర్‌కు. ఆ తర్వాత గేటు దగ్గర వాచ్‌మన్‌ను అడిగాను. "ఎవరో పార్సిల్ తెచ్చిండు, పిల్లల పార్సిళ్ళు మేం తీసుకోం అన్న, పోయిండు" అన్నాడు. హాస్టల్ రూల్ ప్రకారం ఆయన తప్పేం లేదు. ఆయన 'మేం తీసుకోం' అన్నది అక్కడ 'విద్యార్థి వద్దన్నాడు'గా మారిపోయింది. మీ లెటర్‌లో తేల్చి చెప్పాల్సింది ఈ తేడానే. అందుకే రాసేముందు రసీదు మీద నంబర్ చూసుకోండి, గేటు దగ్గర ఏం జరిగిందో అడిగి తెలుసుకోండి. తెలియని విషయం మీద ఎవరినీ నిందించకండి. ఆఫీసు వాళ్ళు దానికి జవాబు చెప్పుకోవడంలో పడిపోతే మీ పార్సిల్ సంచిలోనే ఉండిపోతుంది.

నేను చింపేసి మళ్ళీ రాసిన లెటర్ దాదాపు ఇలా ఉంది:

హనుమకొండ,
తేదీ: 19-01-2023

బ్రాంచ్ మేనేజర్ గారికి,

విషయం: కన్‌సైన్‌మెంట్ నంబర్ ………… వాపసు ఆపి, మళ్ళీ డెలివరీ చేయాలని విన్నపం.

అయ్యా,

పై నంబర్ గల పార్సిల్‌ను మా అమ్మ 17-01-2023న మంచిర్యాలలో డబ్బు కట్టి బుక్ చేశారు. 18వ తేదీ 11:52కు దాన్ని 'Consignee Refused' అని నమోదు చేశారు. ఆ సమయానికి నేను కాలేజీ ల్యాబ్‌లో ఉన్నాను. పార్సిల్‌ను నేను నిరాకరించలేదు. నా తరఫున నిరాకరించమని ఎవరికీ చెప్పలేదు. హాస్టల్ వాచ్‌మన్ విద్యార్థుల పార్సిళ్ళు తీసుకోరు కాబట్టి తీసుకోలేదని తెలిసింది.

రసీదు మీద ఉన్న ఫోన్ నంబర్ ఇప్పుడు పనిచేయడం లేదు. నా ప్రస్తుత నంబర్ …………. దయచేసి పార్సిల్‌ను వాపసు పంపకుండా ఆపి, సాయంత్రం 4 నుంచి 6 మధ్య మళ్ళీ డెలివరీ చేయించగలరు. వచ్చే ముందు ఫోన్ చేస్తే నేనే గేటు దగ్గరికి వస్తాను. అలా కుదరకపోతే గుర్తింపు కార్డు చూపించి మీ ఆఫీసులోనే తీసుకుంటాను. నిరాకరించినట్టు రాసింది ఎవరి మాట మీదో కూడా తెలియజేయగలరు.

జతచేసినవి: ట్రాకింగ్ స్క్రీన్‌షాట్, రసీదు కాపీ, కాలేజీ ఐడీ కార్డు జిరాక్స్.

ఇట్లు,
(పేరు, హాస్టల్ పేరు, గది నంబర్, సంతకం)

కింద మా వార్డెన్ సార్‌తో "ఈ విద్యార్థి ఈ హాస్టల్‌లోనే ఉంటున్నాడు" అని ఒక వాక్యం రాయించి సంతకం పెట్టించాను. ఆయన ఆ ఒక్క లైను రాయడం చాలా పనికొచ్చింది, కౌంటర్‌లో "నువ్వే ఆ పిల్లవాడివని గ్యారంటీ ఏంది" అన్న ప్రశ్న రాలేదు.

లెటర్ రెండు కాపీలు తీసుకుని పొద్దున్నే ఆఫీసు తెరిచే సమయానికి వెళ్ళాను. డెలివరీ బాయ్‌లు బండ్ల మీద బయల్దేరాక అక్కడ మాట్లాడేవాళ్ళు దొరకరు. ఒక కాపీ ఇచ్చి, రెండోదాని మీద స్టాంపు, తేదీ వేయించుకున్నాను. కౌంటర్ అన్న లెటర్ చదివి, ముందురోజు రన్ షీట్ తీశాడు. రన్ షీట్ అంటే బాయ్ ఆరోజు తీసుకెళ్ళిన పార్సిళ్ళ పట్టిక. నా పేరు పక్కన సంతకం గడి ఖాళీగా ఉంది, దాని పక్కన బాల్‌పెన్‌తో 'సెక్యూరిటీ తీసుకోలే' అని ఉంది. సిస్టమ్‌లో మాత్రం 'Refused' అని ఎక్కింది. ఆ గడి చూపించాక అతనే "ఇది నువ్వు వద్దన్నట్టు కాదు తమ్ముడూ" అన్నాడు. రన్ షీట్ చూపించమని మీరూ మర్యాదగా అడగండి.

అయినా అతను ఇంకో మాట చెప్పాడు. "నువ్వు చెప్తే ఆపి పక్కన పెడతా, కానీ మళ్ళీ డెలివరీకి ఎక్కించాలంటే పంపినవాళ్ళ నుంచి రావాలె." కొరియర్ లెక్కలో కస్టమర్ అంటే డబ్బు కట్టి బుక్ చేసినవాళ్ళే. వెంటనే అమ్మకు ఫోన్ చేశాను. ఆమె రసీదు పట్టుకుని మంచిర్యాలలో బుక్ చేసిన కౌంటర్‌కు వెళ్ళి, మళ్ళీ డెలివరీ చేయమని చెప్పి, కొత్త నంబర్ రాయించింది. కాబట్టి లెటర్ మీరు ఇస్తున్న సమయానికే ఇంట్లోవాళ్ళను అటు పంపండి, రెండు పనులూ ఒకేసారి జరగాలి. ఆన్‌లైన్‌లో కొన్నదైతే ఈ మాట అమ్మినవాళ్ళ కస్టమర్ కేర్‌తో చెప్పించాలి.

మర్నాడు 20న సాయంత్రం నాలుగున్నరకు నా కొత్త నంబర్‌కు ఫోన్ వచ్చింది. గేటు దగ్గర అదే బాయ్, డబ్బా మీద మార్కర్‌తో రాసిన 'RTO'ను అడ్డంగా కొట్టేసి ఉంది. "అన్నా, నంబర్ మాదే తప్పు" అని చెప్పాను. సకినాలు కొన్ని విరిగాయి, రికార్డు బాగానే ఉంది.

మీ ట్రాకింగ్‌లో పార్సిల్ ఇప్పటికే హనుమకొండ దాటి పోయినట్టు చూపిస్తే మాత్రం ఈ లెటర్‌తో ఆగదు. దారిలో ఉన్నదాన్ని వెనక్కి తెప్పించడం ఇక్కడి బ్రాంచ్ వల్ల కాదు. అప్పుడు విషయం లైను మార్చి, 'తప్పుగా నిరాకరణ నమోదు చేశారు, మళ్ళీ పంపే ఖర్చు మీరే భరించాలి' అని రాసి, రన్ షీట్ వివరం అడగండి. ఆ లెటర్‌కూ స్టాంపు వేయించుకోండి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినప్పుడు ఆ స్టాంపు తేదీయే మీ చేతిలో ఆధారం.