బోర్డింగ్ పాస్ చేతిలో ఉన్నా గేటు దగ్గర ఎందుకు ఆపేశారు?

"6:00 ఫ్లైట్. 5:40కి గేటు దగ్గరున్నా, విమానం కళ్ళ ముందే ఉన్నా ఎక్కనివ్వలేదు. నా జోన్ 3, అది ఆఖర్న కదా? డబ్బు వస్తుందా?"

జోన్ నంబరు ఎక్కే వరుసకే అండి. మీ జోన్ పిలుపు దాటిపోయినా గేటు మూసేలోపు ఎప్పుడైనా ఎక్కొచ్చు, పైన బ్యాగు పెట్టే చోటు మాత్రం దొరక్కపోవచ్చు. గేటు గడువు అందరికీ ఒకటే. దేశీయ విమానాల్లో అది సాధారణంగా 20-25 నిమిషాల ముందు. 25 అయితే మీ గేటు 5:35కే మూసుకుంది.

6:00 అంటే విమానం ఆగి ఉన్న చోటి నుంచి కదిలే సమయం. ఆలోపు తలలు లెక్కపెట్టాలి, రానివారి చెక్-ఇన్ బ్యాగులు వెతికి దించాలి, మారిన బరువుతో లోడ్ షీట్ అనే బరువు లెక్కల పత్రం కెప్టెన్‌కి ఇవ్వాలి, తలుపు వేయాలి. మిమ్మల్ని రానివారిగా తీసేశాక ఎక్కించాలంటే ఇదంతా మళ్ళీ మొదలు.

ఆలస్యంగా వచ్చారు కాబట్టి సీటు నిరాకరణ పరిహారం వర్తించదు. టికెట్ ధర చాలావరకు పోయినట్టే. వాడని టికెట్‌పై పన్నులు, విమానాశ్రయ రుసుములు మాత్రం విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన ప్రకారం వాపసు రావాలి, పీఎన్ఆర్ ఇచ్చి అడగండి. అదే పీఎన్ఆర్‌లో తిరుగు ప్రయాణం ఉంటే రద్దయిందేమో ఈరోజే చూసుకోండి.