నా వాటా 30 శాతమే, ఫర్మ్ అప్పుకి నా ఇల్లు పోతుందా?

"ఫ్రెండ్‌తో కలిసి పచ్చళ్ల బిజినెస్ పెడుతున్నా. నా వాటా 30 శాతమే. నష్టం వస్తే నా ఇంటిమీదకి వస్తారా? ప్రైవేట్ లిమిటెడ్ పెట్టాలా?"

పార్ట్‌నర్‌షిప్ అయితే రావచ్చండీ. 1932 పార్ట్‌నర్‌షిప్ చట్టం 25వ సెక్షన్ ప్రకారం ఫర్మ్ అప్పు మొత్తానికీ ప్రతి పార్ట్‌నరూ బాధ్యుడే. నూనె సప్లయర్‌కి 10 లక్షలు బాకీ, ఫర్మ్ ఖాతా ఖాళీ, మీ ఫ్రెండ్ దగ్గరా ఏమీ లేదనుకోండి. ఆ పదీ మీ దగ్గరే వసూలు చేసుకోవచ్చు. డీడ్‌లోని 30 శాతం మీ ఇద్దరి మధ్య లెక్క, సప్లయర్‌కి దాంతో పనిలేదు. మిగతా 7 లక్షలు ఫ్రెండ్ నుంచి రాబట్టుకోవడం మీ తంటా.

కంపెనీలో షేర్ల డబ్బు పూర్తిగా కట్టేశాక, మోసం లాంటివి లేకపోతే, మీ బాధ్యత అక్కడితో సరి. కానీ లోన్‌కి వెళ్తే బ్యాంకు మామూలుగా డైరెక్టర్ల పర్సనల్ గ్యారంటీ అడుగుతుంది. సంతకం పెట్టారంటే ఆ లోన్ వరకు ఇల్లు మళ్లీ లెక్కలోకి వచ్చినట్టే. సరుకు అప్పు మీద తెచ్చేటట్టయితే, ఏటా ఆడిట్ ఖర్చున్నా నేను కంపెనీకే ఓటేస్తా.