ప్రతి నెలా ఆలస్యమయ్యే అద్దె: మేనకోడలికి ఒక ఉత్తరం

అమ్మా లలితా,

మామయ్య ఆశీస్సులు. మొన్న ఫోన్లో నీ గొంతు విన్నప్పటి నుంచి మనసు బాగోలేదు. 7వ తేదీన బ్యాంకు వాళ్లు ఈఎంఐ కట్ చేసుకుంటారు, అద్దె మాత్రం ఏ 18కో 24కో వస్తుంది, మధ్యలో మీ ఆయన జీతంలోంచి సర్దాలి. నీ ఫ్లాటులో అద్దెకు ఉన్నతన్ని అడిగితే ‘రేపు వేస్తానక్కా’ అంటాడు. ఆ రేపు కోసం ఎదురుచూడటం ఎంత టెన్షనో నాకు తెలుసు. రామంతాపూర్‌లో పాతికేళ్లుగా మూడు పోర్షన్లు కిరాయికి ఇస్తున్నాను. అసలు కట్టనివాళ్లు నాకు ఇద్దరే తగిలారు. ఆలస్యంగా కట్టేవాళ్లు మాత్రం చాలామంది. ఈ రెండో రకంతోనే మనం ఎక్కువ తప్పులు చేస్తాం. డబ్బు ఎలాగూ వస్తోంది కదా అని ఊరుకుంటాం, ఒకరోజు కోపం ఆపుకోలేక అరుస్తాం. అరిచినరోజు మన చేతిలో ఒక్క కాగితం కూడా ఉండదు.

అందుకే ముందు బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి, ఏ నెల అద్దె ఏ తేదీన ఎంత పడిందో ఒక పేజీ మీద రాయి. నువ్వు చెప్పిన లెక్క ప్రకారం నేను రాసి చూశాను. అద్దె 22 వేలు, గడువు ప్రతి నెలా 5. జూన్‌ది 9న వచ్చింది, జులైది 13న, ఆగస్టుది 18న. సెప్టెంబరులో 15న 8 వేలు, 24న మిగతా 14 వేలు. అక్టోబరుది ఇంకా రాలేదు. ఇలా రాస్తేనే అసలు సంగతి కనబడుతుంది. ప్రతి నెలా 10నో 11నో వస్తుంటే అది జీతం తేదీ గొడవ. నా పై పోర్షన్‌లో ఉన్నతనికి కంపెనీవాళ్లు 10న జీతం వేసేవారు. ఇద్దరం కూర్చుని మాట్లాడుకుని గడువు 12కి మార్చి రాసుకున్నాం. తర్వాత నాలుగేళ్లలో ఒక్క నెల కూడా తప్పలేదు. మీ అతనిది అలా లేదు. జీతం 1నే పడుతుందని అతనే నీతో అన్నాడు, అయినా నెలనెలా నాలుగైదు రోజులు జరుగుతూ చివరికి ముక్కలుగా ఇవ్వడం మొదలైంది. అంటే ఆ డబ్బు ముందు వేరే అప్పుకు పోతోంది, నీ అద్దె చివరి వరుసలో ఉంది. గడువు మార్చినా ఇది ఆగదు.

ఇప్పటిదాకా నువ్వు చేసినవన్నీ ఫోన్లే. రేపు మాట తేడా వస్తే నువ్వు అడిగావని చెప్పడానికి ఏమీ లేదు. అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. నాలుగు నెలలు ఏమీ రాయకుండా ఆలస్యంగా తీసుకుంటే, ‘ఓనరమ్మ ఎప్పుడూ అభ్యంతరం చెప్పలేదు, మా మధ్య అలవాటే అది’ అని అతను అనగలడు. కాబట్టి ఇకనుంచి ఫోన్ చేసినా, పెట్టేసిన వెంటనే వాట్సాప్‌లో రాయి: ‘ఇప్పుడు ఫోన్లో మాట్లాడినట్టు అక్టోబరు అద్దె 22,000 శుక్రవారం వేస్తానన్నారు. గడువు 5వ తేదీ అని గుర్తు చేస్తున్నాను.’ ఇంతే. గడువుకు రెండు రోజుల ముందు ఒక మెసేజ్, దాటిన మర్నాడు ఒకటి చాలు. రోజుకు నాలుగు పంపితే వాటి విలువ పోతుంది. అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టకు, వాచ్‌మన్‌తో చెప్పించకు, అతని ఆఫీసుకు ఫోన్ చేయకు. బాకీ అతనిది, పరువు మాత్రం అతని భార్యాపిల్లలది కూడా.

ముక్కలుగా ఇస్తే తీసుకోవచ్చు. కానీ తీసుకున్న ప్రతిసారీ రాయాలి: ‘8,000 అందింది, సెప్టెంబరు అద్దెలో జమ చేశాను, ఇంకా 14,000 బాకీ.’ ఈ ఒక్క వాక్యం లేకపోతే మూడు నెలల తర్వాత ఏ డబ్బు ఏ నెలదో ఇద్దరికీ తెలియదు.

ఇంకో మాట కూడా అంటాడు, బహుశా ఈ నెలే: ‘అక్కా, ఈసారికి అడ్వాన్సులో కట్ చేసుకోండి.’ దీనికి మాత్రం ఒప్పుకోకు. నీ దగ్గరున్న అడ్వాన్సు రెండు నెలలది, 44 వేలు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్, విరిగినవి, కట్టకుండా వదిలేసిన కరెంటు బిల్లు, మెయింటెనెన్స్ బాకీ, అన్నీ దాంట్లోంచే రావాలి. ఒక నెల అద్దె అందులో సర్దితే మిగిలేది 22 వేలు, రెండో నెలకు సున్నా. అడ్వాన్సు అయిపోయాక నీకు భరోసా ఏమీ ఉండదు. అడిగిన రోజే మర్యాదగా రాసి పంపు: ‘అడ్వాన్సు ఖాళీ చేసేటప్పుడు లెక్క చూసుకోవడానికి. అద్దెకు సర్దడం కుదరదు.’

అలాగే ఆలస్యానికి ఫైన్ వేస్తానని బెదిరించకు. అగ్రిమెంటులో ఆ మాట లేదు. లేనిది ఇప్పుడు కొత్తగా కలపలేవు.

ఇక చివరి హెచ్చరిక. మూడు నెలలకు పైగా వరుసగా తప్పాడు కాబట్టి నీ విషయంలో దానికి సమయం వచ్చింది. ఇది లాయర్ నోటీసు కాదు, నువ్వే రాసే ఉత్తరం. ఇందులో ఒక్క కోపం మాట కూడా ఉండకూడదు, తేదీలూ అంకెలూ ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, నువ్వు నిజంగా చేయబోయేదే రాయాలి. ‘సామాన్లు బయట పడేస్తాను’ అని రాస్తే అది నువ్వు చేయలేనిదే కాదు, చేయకూడనిది కూడా. ఇలా రాస్తే బాగుంటుంది:

‘శ్రీ ......... గారికి. మియాపూర్‌లోని మా ఫ్లాటులో 2024 మే 1 నాటి అగ్రిమెంటు ప్రకారం మీరు అద్దెకు ఉంటున్నారు. అద్దె నెలకు 22,000 రూపాయలు, గడువు ప్రతి నెలా 5వ తేదీ. జూన్ అద్దె 9న, జులైది 13న, ఆగస్టుది 18న, సెప్టెంబరుది రెండు విడతలుగా 15న, 24న చెల్లించారు. అక్టోబరు అద్దె ఈ రోజు వరకు అందలేదు. ఆ 22,000 రూపాయలు 2025 అక్టోబరు 23లోపు నా బ్యాంకు ఖాతాలో జమ చేయండి. నవంబరు నుంచి 2026 ఏప్రిల్ వరకు ఏ ఒక్క నెలైనా 5వ తేదీ దాటితే, మళ్లీ గుర్తు చేయకుండా ఫ్లాటు ఖాళీ చేయమని చట్టప్రకారం నోటీసు ఇస్తాను. ఇంతవరకు ఆలస్యంగా తీసుకున్నంత మాత్రాన గడువు మార్చడానికి నేను ఒప్పుకున్నట్టు కాదు. ఇదే చివరి హెచ్చరిక.’

కింద తేదీ, నీ సంతకం. అగ్రిమెంటులో ఓనరుగా నీ పేరే ఉంది కాబట్టి నువ్వే పెట్టాలి, మీ ఆయన కాదు. 13న, సోమవారం పంపు. 20న దీపావళి, అందుకే గడువు 23 పెట్టాను. పండగ ముందురోజు గడువు పెడితే అతను కట్టడు, నువ్వు అడగలేవు. రెండు కాపీలు తీసి ఒకటి స్వయంగా ఇచ్చి, రెండో దానిమీద ‘అందింది’ అని తేదీతో సంతకం తీసుకో. సంతకం పెట్టనంటే వాదించకు. అదే రోజు స్పీడ్ పోస్టులో, డెలివరీ రుజువు అడిగి పంపు. తీసుకోకుండా తిప్పి పంపితే ఆ కవరు విప్పకుండా అలాగే దాచు. విప్పని కవరు కూడా రుజువే.

తర్వాత కూడా తప్పితే? మీ అగ్రిమెంటు పదకొండు నెలలది, 2025 మార్చితో అయిపోయింది. కొత్తది రాసుకోలేదు, అతను ఉంటున్నాడు, నువ్వు అద్దె తీసుకుంటున్నావు. అంటే అది నెలనెలా సాగే అద్దె అయింది. అలాంటప్పుడు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ కింద 15 రోజుల నోటీసు ఇవ్వాలి. ఆ రోజులు నోటీసు అతనికి అందిన నాటి నుంచి లెక్క, నువ్వు రాసిన నాటి నుంచి కాదు. ఈ నోటీసు మాత్రం లాయరుతోనే రాయించు. అప్పటికీ ఖాళీ చేయకపోతే సివిల్ కోర్టుకే వెళ్లాలి. నగరంలో నెలకు 3,500 దాటిన అద్దెలకు రెంట్ కంట్రోల్ చట్టం వర్తించదు, కాబట్టి రెంట్ కంట్రోలర్ దగ్గరికి వెళ్లమని ఎవరైనా చెప్తే వెళ్లకు. కేసు వేస్తే నెలల్లో తేలదు, అది తెలిసే అడుగు వేయాలి.

నోటీసు ఇచ్చాక చాలామంది ఒక పొరపాటు చేస్తారు. గడువు అయిపోయిన తర్వాత నెల అద్దె ఖాతాలో పడుతుంది, సంతోషంగా తీసుకుని ఊరుకుంటారు. నోటీసు వదులుకున్నారని అతని లాయరు వాదించడానికి అదే చాలు. డబ్బు పడగానే ‘నోటీసు అలాగే ఉంది, గడువు తర్వాత ఇంట్లో ఉన్నందుకు మాత్రమే ఇది తీసుకుంటున్నాను’ అని రాసి పంపాలి. ఆ మాటలు కూడా లాయరునే అడుగు.

నీళ్లు, కరెంటు జోలికి మాత్రం వెళ్లకమ్మా. చాలా ఏళ్ల కిందట నేను ఆ పని చేశాను. మూడు నెలల బాకీ ఉందని కింది పోర్షన్‌కు నీళ్లు వదలలేదు. రెండోరోజు అతను పోలీసుల్ని పిలిచాడు. ఇంట్లో ఏడాది పిల్ల ఉంది. ఎస్సై అడిగితే బాకీ సంగతి నేను చెప్పలేకపోయాను, చెప్పినా వినేవాళ్లు లేరు. అప్పటిదాకా తప్పు అతనిది, ఆ రోజుతో నాదయింది. తాళం వేయడం అంతకన్నా ప్రమాదం. అలా బయటికి పంపిన మనిషి ఆరు నెలల్లోపు కోర్టుకు వెళ్లి, ఓనరువి నువ్వే అయినా సరే, మళ్లీ లోపలికి రావచ్చు.

ఉత్తరం రాశాక పంపేముందు నాకు వాట్సాప్ చెయ్యి, తేదీలు ఒకసారి సరిచూస్తాను. ఇవ్వడానికి ఒక్కదానివే వెళ్లకు. సోమవారం సాయంత్రం ఆరింటికల్లా మియాపూర్ మెట్రో దగ్గరికి నేను వస్తాను, ఇద్దరం కలిసి వెళ్దాం. నవంబరు అద్దె 5లోపు వచ్చినా ఆ కాపీ, పోస్టు రసీదు ఏప్రిల్ దాకా పడేయకు.

ఇట్లు,
మీ మామయ్య