కవర్ లెటర్‌లో వినయం ఎంత, గొప్ప ఎంత?

నల్గొండలో బీఎస్సీ కెమిస్ట్రీ అయిపోయింది. నీళ్ల పరీక్షల ల్యాబ్‌లో ట్రైనీ పోస్టుకు లెటర్ రాస్తున్న. ఒకసారి రాస్తే అడుక్కున్నట్టుంది, మారిస్తే డప్పు కొట్టుకున్నట్టుంది. ఎట్ల రాయాలె?

"అనుభవం లేదు, దయచేసి ఒక్క అవకాశం ఇవ్వండి" అన్నా, "నీటి పరీక్షల్లో నాకు పూర్తి నైపుణ్యం ఉంది" అన్నా లోపం ఒక్కటే: రెండింట్లోనూ మీరు చేసిన పని లేదు. మాటలు తగ్గించడం, పెంచడం వదిలేసి పనే రాయండి. మీ ప్రాజెక్టు ఫ్లోరైడ్ మీద అనుకుందాం:

"ఫైనలియర్‌లో నలుగురం కలిసి మర్రిగూడ మండలంలోని 20 బోర్ల నీళ్లలో ఫ్లోరైడ్ కొలిచాం. మీటర్ క్యాలిబ్రేషన్, రీడింగులు నా బాధ్యత. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన 6 శాంపిళ్లను మళ్లీ పరీక్షించాను. మీరు అడిగిన భారలోహాల పరీక్షలు ఇంకా చేయలేదు."

అంకెలు మీవి పెట్టుకోండి. ఇందులో "కొలిచాం" జట్టుది, "నా బాధ్యత" మీది. నలుగురి పనిని "నేను" అని రాస్తేనే గొప్పలు మొదలవుతయి. మీ వంతు కూడా "మేము"లో కలిపేస్తే మీరేం చేశారో ఎవరికీ తెలియదు. మళ్లీ పరీక్షించిన సంగతి చాలామంది చిన్నదని వదిలేస్తరు. ల్యాబ్ వాళ్లు వెతికేది అదే.

రానిది ఒక్కసారే చెప్పండి, క్షమాపణ వద్దు. "కష్టపడి పనిచేస్తాను" కొట్టేయండి, అది అందరూ రాసేదే. తర్వాత ప్రతి వాక్యం దగ్గర ఆగి, ఇంటర్వ్యూలో "ఎట్ల చేసినవ్?" అంటే రెండు నిమిషాలు చెప్పగలరా చూసుకోండి. క్యాలిబ్రేషన్‌కు ఏ స్టాండర్డ్ ద్రావణాలు వాడారో గుర్తులేకపోతే ఆ మాట తీసేయండి.