గొలుసు కన్నా ముందు రెండు రాత్రుల నిద్ర

ప్రశ్న: మాది నల్లగొండ. అమ్మకు పక్షవాతం వచ్చి పద్నాలుగు నెలలైంది, కుడి పక్క పడిపోయింది. అన్నీ మా ఆవిడే చూస్తోంది. రాత్రిళ్ళు కూడా లేస్తనే ఉంటది, మనిషి బాగా అలిసిపోయింది. పెళ్ళిరోజుకు గొలుసు చేయిద్దామని 60 వేలు పక్కకు పెట్టిన. కొనొచ్చా?

జవాబు: ఇప్పుడైతే వద్దు. ఆ గొలుసు మీద తరుగు, మజూరి, 3 శాతం జీఎస్టీ పోతాయి. అది అటుంచితే, రాత్రి రెండింటికి ఆమెను లేపే పని గొలుసుతో ఆగదు. మంచంలోనే ఉన్న మనిషిని పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. అంటే పది, పన్నెండు, రెండు, నాలుగు. మీ ఆవిడను అలసిపోయేలా చేసింది పగటి చాకిరీ కన్నా ఈ తెగిన నిద్రే. ఆ డబ్బుతో రాత్రులు కొనండి.

వారానికి రెండు రాత్రులు, తొమ్మిది నుంచి ఆరు దాకా ఒక ఆయాను పెట్టండి. రేటు ఊరిని, పనిని బట్టి మారుతుంది, ముందే కనుక్కోండి. లెక్క కోసం రాత్రికి 600 అనుకుందాం. వారానికి 1,200. మీ 60 వేలు 50 వారాలు వస్తాయి, అంటే దాదాపు ఏడాది. ఏజెన్సీల వాళ్ళు ఎక్కువగా నెలంతా ఇంట్లో ఉండే మనిషినే పంపుతామంటారు, పైన కమీషన్. రెండు రాత్రులకైతే నర్సింగ్ హోముల్లో పనిచేసిన స్థానిక ఆయాలే నయం.

ఆ రెండు రాత్రులూ వరుసగా ఉండాలి. మొదటి రాత్రి ఎంతసేపూ చెవి అత్తగారి మంచం మీదే ఉంటుంది, నిద్ర పట్టేది రెండో రాత్రే. మీ ఆవిడ పడక వేరే గదిలోకి మార్చండి, తలుపు వేయండి. అదే గదిలో పడుకుంటే ఆయాకు కూలి ఇచ్చి మరీ ఇద్దర్ని మేల్కొలిపినట్టే. మూడో రాత్రి మీరు తీసుకుంటే పైసా ఖర్చు లేదు, ఆలోచించండి.

ఆయా వచ్చే మొదటి వారం పని చూపించాల్సింది మీరు, ఆవిడ కాదు. పక్కకు తిప్పేటప్పుడు పడిపోయిన కుడి చేయి పట్టి లాగొద్దు, భుజం కీలు జారుతుంది. భుజం వెనక, తుంటి దగ్గర చేతులు పెట్టి దొర్లించాలి. మోకాళ్ళ మధ్య ఒక దిండు, మడమలు పరుపుకు ఆనకుండా పిక్కల కింద ఇంకోటి. పడుకోబెట్టి నీళ్ళు పట్టొద్దు, పొరపోతుంది. తిప్పిన టైము, ఏ పక్కకో ఒక కాగితం మీద రాయమనండి.

కాగితం నింపి నిద్రపోయే వాళ్ళూ ఉంటారు. పొద్దున ఆరింటికి అమ్మగారి తుంటి, నడుము కింది ఎముక, మడమలు మీరే చూడండి. ఎర్రగా ఉన్న చోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్ళీ రంగు రావాలి. ఎరుపు అట్లాగే ఉంటే పుండు మొదలవుతోందని అర్థం, డాక్టరుకు చూపించండి. చామనఛాయ ఒంటి మీద ఎరుపు కనబడకపోవచ్చు, అప్పుడు చెయ్యి ఆనిస్తే వేడిగానో గట్టిగానో తగులుతుంది. గాలి పరుపు కొన్నా తిప్పడం మానొద్దు. కరెంటు పోతే గాలి దిగిపోతుంది కాబట్టి దాన్ని ఇన్వర్టరుకు కలపండి.

డబ్బు దగ్గర జరిగే తప్పు ఒకటుంది. 60 వేలు మామూలు ఖాతాలోనే ఉంటే దసరాకో, పిల్లల ఫీజుకో కరిగిపోతాయి. వేరే సేవింగ్స్ ఖాతాలో వేసి ఆదివారం ఆదివారం యూపీఐలో కట్టండి. అడ్వాన్సు ఇవ్వొద్దు. ఆయా రాని రోజు ఆ రాత్రి మీది అని ముందే ఆవిడకు చెప్పండి, లేకుంటే తనే లేస్తుంది. "కోడలుండగా ఆయా ఎందుకు" అనే చుట్టాలకు జవాబు చెప్పే పని కూడా మీదే.

చివరగా పన్ను. మీరు పాత పన్ను విధానంలో ఉండి, అమ్మగారు మీ మీదే ఆధారపడి ఉంటే, ప్రభుత్వ మెడికల్ బోర్డు నుంచి 40 శాతం లేదా ఆపైన వైకల్యం సర్టిఫికెట్ తీసుకోండి. ఎంత ఖర్చయిందన్న దానితో పని లేకుండా ఏడాదికి 75,000 మీ ఆదాయంలోంచి తీసేస్తారు. 80 శాతం లేదా ఆపైన ఉంటే 1,25,000. మీరు 20 శాతం స్లాబులో ఉంటే 75,000 మీద సెస్సుతో కలిపి 15,600 మిగులుతుంది, అంటే ఇంకో పదమూడు వారాల ఆయా కూలి. కొత్త విధానంలో ఈ మినహాయింపు లేదు. దీని కోసమని పాతదానికి మారేముందు రెండు విధానాల్లోనూ మొత్తం పన్ను వేయించి చూడండి.